నిండిపోయిన ఇన్‌బాక్స్‌ను తేదీలున్న పనుల జాబితాగా మార్చుకోవడం ఎలా?

"మెయిల్ వచ్చిన రోజే చదివాను. తీరిక చూసుకుని చేద్దామనుకున్నాను. గుర్తొచ్చేసరికి గడువు దాటిపోయింది. దీనికి ఏమిటి దారి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. కొందరి ఇన్‌బాక్స్‌లో మూడు వేల మెయిళ్లు ఉంటాయి, కొందరికి పన్నెండు వేలు. అంకె ఎంతైనా చిక్కు ఒక్కటే కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇన్‌బాక్స్ మెయిళ్లను వచ్చిన వరుసలో పేరుస్తుంది. మనకు పనికొచ్చేది చేయాల్సిన రోజుల వరుస. ఈ రెండు వరుసలకూ పొంతన లేదు. వచ్చే నెల చేయాల్సిన పని ఈరోజు పైన కనిపిస్తుంది, రేపే చేయాల్సింది ఎనభై మెయిళ్ల కింద పడి ఉంటుంది. అందుకే ఇన్‌బాక్స్‌ను ఎన్ని ఫోల్డర్లుగా విడగొట్టినా, ఎన్ని రంగులు పూసినా పని కదలదు. మెయిల్లో ఉన్న పనిని బయటికి తీసి, దానికి ఒక రోజు కేటాయించి, మెయిల్‌ను పక్కకు పంపాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క కదలిక చుట్టూ తిరుగుతుంది.

కావలసినవి

- కంప్యూటర్‌లో తెరిచిన మెయిల్. రోజువారీ పనికి ఫోను సరిపోతుంది కానీ, మొదటిసారి శుభ్రం చేసేటప్పుడు కంప్యూటర్ ఉండాలి.
- తేదీ పెట్టుకోగలిగే పనుల జాబితా ఒకటి. జీమెయిల్ వాడేవారికి గూగుల్ టాస్క్స్, ఔట్‌లుక్ వాడేవారికి మైక్రోసాఫ్ట్ టు డూ దగ్గరలోనే ఉన్నాయి. పేజీకి ఒక తేదీ ఉన్న డైరీ అయినా చాలు. ఏదైనా ఒక్కటే ఉండాలి. సగం పనులు ఫోనులో, సగం డైరీలో ఉంటే రెండింటినీ నమ్మలేరు.
- మొదటి రోజు ఒక గంట, ఆ తర్వాత రోజూ 20 నుంచి 30 నిమిషాలు.

మొదటి రోజు: పాత కుప్పను పక్కకు జరపడం

పాత మెయిళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసి తేల్చాలని కూర్చోకండి. అలా మొదలుపెట్టినవారు మూడో రోజుకే విసిగి వదిలేయడం చూశాను. రెండు వారాలు దాటినవాటిని మొత్తంగా ఆర్కైవ్ చేయండి. ఆర్కైవ్ చేస్తే మెయిల్ పోదు. ఇన్‌బాక్స్‌లో కనిపించదు, వెతికితే దొరుకుతుంది.

1. జీమెయిల్ వెతుకుడు పెట్టెలో ముందుగా ఇది టైప్ చేయండి:

```
in:inbox is:starred
```

నక్షత్రం పెట్టుకున్నవి అంటే మీరే ఒకప్పుడు ముఖ్యమనుకున్నవి. వాటిలో ఇంకా బతికి ఉన్న పని ఏదైనా ఉంటే జాబితాలో రాసుకోండి.

2. సెట్టింగులలో "Conversation view" అనే అమరికను తాత్కాలికంగా ఆపేయండి. ఇది చాలామంది దాటేసే మెట్టు. జీమెయిల్ ఒకే విషయంపై నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలను ఒక కట్టగా చూపుతుంది. ఆ కట్టలో ఒక్క పాత మెయిల్ ఉన్నా కట్ట మొత్తం కింది వెతుకులాటలో పడుతుంది. దాంతో నిన్న వచ్చిన జవాబు కూడా ఆర్కైవ్‌లోకి వెళ్లిపోవచ్చు.

3. ఇప్పుడు ఇది వెతకండి:

```
in:inbox older_than:14d
```

4. పైన ఎడమవైపున్న గడిని నొక్కితే ఆ పేజీలో కనిపించేవి మాత్రమే ఎంపికవుతాయి. వెంటనే పైన "Select all" అని మొదలై "that match this search" అని ముగిసే ఒక వరుస కనిపిస్తుంది. దాన్ని నొక్కితేనే అన్నీ ఎంపికవుతాయి.

5. వాటన్నిటికీ "పాత కుప్ప" అని ఒక లేబుల్ తగిలించండి. మళ్లీ అన్నిటినీ ఎంచుకుని ఆర్కైవ్ చేయండి. లేబుల్ ఉంది కనుక ఎప్పుడు భయం వేసినా అన్నీ ఒకేచోట చూసుకోవచ్చు. వేలల్లో ఉంటే కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో పేజీ మూయకండి.

6. "Conversation view" ఇష్టమైతే మళ్లీ పెట్టుకోండి.

ఔట్‌లుక్‌లో అయితే "పాత కుప్ప" అని ఫోల్డర్ చేసి, తేదీ వరుసలో పాతవాటిని ఎంచుకుని అందులోకి జరపండి.

హెచ్చరిక: ఆర్కైవ్ గుర్తుకు దగ్గరలోనే చెత్తబుట్ట గుర్తు ఉంటుంది. జీమెయిల్లో చెత్తబుట్టలోకి వెళ్లినవి 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతాయి. నొక్కే ముందు ఒకసారి చూసుకోండి.

ఇక ఇన్‌బాక్స్‌లో రెండు వారాల మెయిళ్లు మిగిలాయి. వాటిని కింద చెప్పే రోజువారీ పద్ధతిలోనే తేల్చండి.

రోజూ చేయాల్సింది

1. వేళ నిర్ణయించుకోండి. ఉదయం పని మొదలయ్యాక ఒక అరగంట, అవసరమైతే మధ్యాహ్నం మరో పావుగంట. ఈ సమయంలో మెయిళ్లను తేలుస్తారు. మిగతా వేళల్లో మెయిల్ తెరవాల్సి వస్తే తెరవండి, కానీ దాన్ని ఈ పనిలో లెక్కపెట్టకండి. ఊరికే చూసి మూయడం వేరు, తేల్చడం వేరు.

2. అన్నిటికంటే కింద ఉన్న మెయిల్‌తో మొదలుపెట్టి పైకి రండి. పైనుంచి మొదలుపెడితే కొత్తవి వస్తూనే ఉంటాయి, అడుగున ఉన్నవాటికి ఏ రోజూ వంతు రాదు.

3. తెరిచిన మెయిల్‌ను చివరి వాక్యం దాకా చదివి, "ఇందులో నేను చేయాల్సింది ఏమైనా ఉందా?" అని ప్రశ్నించుకోండి. లేకపోతే ఆర్కైవ్ చేయండి లేదా తీసేయండి.

4. రెండు నిమిషాల్లో అయిపోయే పని అయితే అప్పుడే చేసేసి ఆర్కైవ్ చేయండి. రెండు నిమిషాలంటే నిజంగా రెండే. జవాబు రాస్తూ ఏదైనా ఫైలు వెతకాల్సి వచ్చిందంటే అది రెండు నిమిషాల పని కాదు, ఆపేసి జాబితాలో రాయండి.

5. అంతకంటే పెద్దదైతే పనిగా రాసి, తేదీ వేసి, మెయిల్‌ను ఆర్కైవ్ చేయండి. జీమెయిల్లో మెయిల్ తెరిచి "Add to Tasks" నొక్కితే పక్కన పని తయారవుతుంది. సెట్టింగులలో కీబోర్డు షార్ట్‌కట్లు పెట్టుకున్నవారికి Shift+T చాలు, ఆర్కైవ్‌కు e. ఆ పనిలో మెయిల్‌కు లంకె ఉంటుంది, ఆర్కైవ్ చేశాక కూడా అది తెరుచుకుంటుంది. ఔట్‌లుక్‌లో మెయిల్‌పై జెండా గుర్తు పెట్టి తేదీ ఇవ్వవచ్చు. అయితే జెండా మెయిల్‌కే అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ మెయిల్‌ను తొలగించకూడదు.

6. పని మీది కాదు, ఇంకొకరి జవాబు కోసం ఆగాలి అనుకోండి. అప్పుడు కూడా తేదీ వేయాల్సిందే. "జవాబు రాకపోతే గురువారం ఫోన్ చేయాలి" అని రాసి గురువారం తేదీ వేయండి. గడువు దాటిన పనుల్లో నేను ఎక్కువగా చూసేది ఈ రకమే. మెయిల్ పంపాం కదా అని మన వైపు పని అయిపోయినట్లు అనిపిస్తుంది, అవతలివారు మరిచిపోయిన సంగతి గడువు రోజున తెలుస్తుంది.

పని పేరు ఎలా రాయాలి?

"Add to Tasks" నొక్కినప్పుడు మెయిల్ విషయమే పని పేరుగా వచ్చి కూర్చుంటుంది. దాన్ని అలాగే వదిలేయకండి. "Re: Re: వచ్చే నెల శిక్షణ" అన్న పేరు వారం తర్వాత మీకేమీ చెప్పదు. మళ్లీ మెయిల్ తెరవాలి, మళ్లీ మొదటినుంచి చదవాలి. అలా రెండుసార్లు చదివే శ్రమను తప్పించడానికే కదా ఇదంతా. పేరు చేసే పనితో ముగియాలి: పంపాలి, అడగాలి, లెక్కవేయాలి, సంతకం చేయాలి. ఎవరికి, ఏమిటి అన్నది కూడా అందులోనే ఉండాలి.

ఏ తేదీ వేయాలి?

పద్ధతి నిలబడేది, కూలేది ఇక్కడే. జాబితాలో వేయాల్సింది మీరు ఆ పని చేయబోయే రోజు. గడువును పేరులోనే రాయండి: "నివేదిక పూర్తి చేసి పంపాలి, గడువు 12". గడువు రోజునే పని తేదీగా వేస్తే, సరిగ్గా ఊపిరాడని రోజున అది మీ ముందుకు వస్తుంది. ఆ రోజు జ్వరం వచ్చినా, కరెంటు పోయినా ఇక చేయగలిగింది లేదు.

తేదీ వేసే ముందు ఆ రోజున ఇప్పటికే ఎన్ని పనులున్నాయో చూడండి. గంట పట్టే పనులు రోజుకు మూడుకు మించి పెట్టుకోకండి. సమావేశాలు, అనుకోకుండా వచ్చిపడేవి పోగా చాలామందికి మిగిలే సమయం అంతే. మూడు నిండితే మరుసటి రోజుకు వెళ్లండి. గడువులోపు ఖాళీ రోజే దొరకలేదంటే, ఆ సంగతి ఈరోజే తెలిసింది. అవతలివారికి ఈరోజే చెప్పి గడువు పెంచమని అడగవచ్చు.

ఒక మెయిల్‌ను మొత్తంగా తేల్చి చూద్దాం

సెప్టెంబరు 2, మంగళవారం ఉదయం ఒక సహోద్యోగి నుంచి మెయిల్ వచ్చిందనుకోండి. విషయం "Re: Re: వచ్చే నెల శిక్షణ". మొదటి రెండు పేరాల్లో పోయినసారి శిక్షణ ఎలా జరిగిందో రాశారు. మూడో పేరాలో, "మీ స్లయిడ్లు 12వ తేదీలోగా పంపితే ముద్రణకు ఇస్తాను" అన్నారు. నాలుగో పేరాలో, "పెద్ద గది దొరుకుతుందో లేదో కనుక్కోగలరా? అన్నట్టు, పోయినసారి హాజరైనవారి జాబితా మీ దగ్గరుంటే పంపండి" అని ముగించారు.

పైపైన చదివితే ఇది స్లయిడ్ల మెయిల్. నిజానికి ఇందులో మూడు పనులున్నాయి.

హాజరైనవారి జాబితా కంప్యూటర్‌లో ఎక్కడుందో మీకు తెలుసు. జవాబుకు జతచేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి ఇప్పుడే.

గది సంగతి మీ చేతిలో లేదు. గదులు చూసేవారికి అక్కడికక్కడే రెండు వాక్యాల మెయిల్ పంపి, జాబితాలో ఇలా రాయండి: "పెద్ద గది ఖాయమైందో లేదో ఫోన్ చేసి అడగాలి". తేదీ సెప్టెంబరు 4, గురువారం.

స్లయిడ్లు పెద్ద పని. గడువు 12, శుక్రవారం. ముందు రెండు రోజులు వదిలి 10వ తేదీ, బుధవారాన్ని ఎంచుకోండి. ఒకే కూర్చోవడంలో అయ్యేది కాదు కనుక రెండుగా విడగొట్టండి: "శిక్షణ స్లయిడ్ల వరుస కాగితం మీద రాయాలి", తేదీ సెప్టెంబరు 8, సోమవారం. "స్లయిడ్లు పూర్తి చేసి పంపాలి, గడువు 12", తేదీ సెప్టెంబరు 10. మొదటి దానికి "Add to Tasks" వాడండి, మిగతావి పక్కనున్న జాబితాలో చేత్తో రాసుకోండి.

చివరగా సహోద్యోగికి జవాబు: "జాబితా జతచేశాను. గది సంగతి గురువారం సాయంత్రానికి చెబుతాను. స్లయిడ్లు 10వ తేదీకి అందుతాయి." ఇలా తేదీలతో రాస్తే, మధ్యలో "ఎంతవరకు వచ్చింది?" అని వచ్చే మెయిళ్లు కూడా తగ్గుతాయి. ఇప్పుడు ఆర్కైవ్. మొత్తం ఆరేడు నిమిషాలు. తర్వాత వారు మళ్లీ జవాబిస్తే ఆ కట్ట తనంతట తానే ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది, దాని కోసం కాపలా కాయక్కరలేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*చదివిన మెయిల్‌ను "చదవనిది"గా మార్చి ఉంచుకోవడం.* నేనూ ఏళ్లపాటు ఇలాగే చేశాను. ఒక ఒప్పందాన్ని పొడిగించాల్సిన మెయిల్‌ను చదివి, చదవనిదిగా మార్చి ఉంచాను. తొమ్మిది రోజుల తర్వాత దాని గడువు దాటిపోయింది. మెయిల్ మాత్రం ముదురు అక్షరాలతో ఎక్కడ పెట్టినది అక్కడే ఉంది, దాని పైన మరో నూట నలభై ముదురు అక్షరాల మెయిళ్లు ఉన్నాయి. ఆ గుర్తు "ఇందులో ఏదో ఉంది" అని చెబుతుంది కానీ ఏమిటో, ఎప్పుడో చెప్పదు.

*అన్నిటినీ సోమవారానికి తోయడం.* శుక్రవారం సాయంత్రం తేల్చేవారికి ఇది సహజంగా జరిగే పొరపాటు. సోమవారం జాబితా తెరిస్తే పదిహేను పనులు ఉంటాయి, భయపడి మూసేస్తారు. రోజుకు మూడు పెద్ద పనుల హద్దు పాటిస్తే ఇది రాదు.

*తేదీని మళ్లీ మళ్లీ జరపడం.* ఒకసారి జరిపితే తప్పు లేదు. మూడోసారి చేయి వెళ్లిందంటే ఆగండి. ఆ పని మరీ పెద్దదై ఉండాలి, లేదా మీకు ఏదో సమాచారం తక్కువై ఉండాలి, లేదా అది చేయనవసరం లేనిదై ఉండాలి. మొదటిదైతే పావుగంటలో అయ్యే ముక్కను విడదీయండి. రెండోదైతే ఆ సమాచారం అడగడమే కొత్త పని. మూడోదైతే అవతలివారికి చేయలేనని రాసి కొట్టేయండి. నాలుగోసారి తేదీ మాత్రం మార్చకండి.

*స్నూజ్‌ను పనుల జాబితాగా వాడటం.* స్నూజ్ చేస్తే మెయిల్ చెప్పిన రోజున తిరిగి వస్తుంది, నిజమే. కానీ పని పేరు లేకుండా మెయిలే వస్తుంది, మళ్లీ చదివి అర్థం చేసుకోవాలి. పైగా గురువారం మీకు ఎన్ని పనులున్నాయో ముందుగా కనిపించదు. ప్రయాణం రోజున చూడాల్సిన టికెట్ లాంటివాటికి స్నూజ్ బాగుంటుంది, పనులకు వద్దు.

*తేలుస్తూ తేలుస్తూ పనిలో దిగిపోవడం.* ఆసక్తికరమైన మెయిల్ ఒకటి తగులుతుంది, దాని వెంట గంట పోతుంది, మిగతా ఇరవై అలాగే ఉంటాయి. గడియారంలో 30 నిమిషాలు పెట్టుకుని కూర్చోండి.

*పనుల జాబితాను ఉదయం తెరవకపోవడం.* అన్నీ సరిగ్గా రాసి, మరుసటి రోజు మళ్లీ మెయిల్‌తోనే రోజు మొదలుపెట్టేవారు ఉన్నారు. ముందు జాబితా చూడండి, తర్వాత మెయిల్.

సరిగ్గా జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

వారానికి ఒకసారి పది నిమిషాలు తీసుకుని మూడు పరీక్షలు చేయండి.

మొదటిది, జీమెయిల్లో ఇలా వెతకండి:

```
in:inbox older_than:3d
```

ఏమీ రాకూడదు. వచ్చాయంటే అవి మీరు తేల్చలేక దాటేసినవి. ఎక్కువసార్లు అందులో ఒకే వ్యక్తి మెయిళ్లో, ఒకే రకం పనో కనిపిస్తుంది. అక్కడ ఏం అడ్డుపడుతోందో చూడండి.

రెండోది, ఆ వారం ఆర్కైవ్ చేసినవాటిలో ఏవో ఐదు మెయిళ్లు తెరిచి చివరిదాకా చదవండి. వాటిలో ఉన్న ప్రతి పనీ జాబితాలో ఉందా, లేక అయిపోయిందా? ఒక్కటి తప్పినా మీరు మెయిళ్లను సగం చదివి ఆర్కైవ్ చేస్తున్నారని అర్థం. పై ఉదాహరణలో నాలుగో పేరా లాంటివే తప్పిపోతుంటాయి. తేల్చే వేగం తగ్గించండి.

మూడోది, రేపటి పనుల పేర్లు మెయిల్ తెరవకుండా చదవండి. ప్రతి పేరుకూ మొదట ఏం చేయాలో వెంటనే తెలియాలి. తెలియనిదాన్ని ఇప్పుడే తిరగరాయండి.

వీటితోపాటు ఆ వారం మీరు పంపినవాటిని కూడా ఒకసారి తిరగేయండి:

```
in:sent newer_than:7d
```

ప్రశ్నతో ముగిసిన ప్రతి మెయిల్ దగ్గరా ఆగి, దానికి జవాబు వచ్చిందా, రాకపోతే అడిగే తేదీ జాబితాలో ఉందా అని చూడండి. లేకపోతే అక్కడే రాసి, తేదీ వేసి ముందుకు కదలండి.

మధ్యలో నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చి, ఇన్‌బాక్స్‌లో రెండు వందల మెయిళ్లు చూసినప్పుడు మళ్లీ మొదటికొచ్చామని అనుకోకండి. ఆ రోజు అరగంట బదులు గంటన్నర కేటాయించండి. ముందుగా ప్రకటనల మెయిళ్లు తీసేయండి, కట్టల్లో చివరి మెయిల్ మొదట చదవండి. మీరు లేనప్పుడే తేలిపోయిన విషయాలు చాలా ఉంటాయి. మిగిలినవాటితో ఎప్పటిలాగే కిందినుంచి మొదలుపెట్టండి.